స్కోరుకార్డు నుంచి మ్యాచ్ కథనం దాకా: అంకెల మధ్య ఆట కనబడేలా రాయడం

ఒక వన్డే మ్యాచ్ పూర్తి స్కోరుకార్డును ముందు పెట్టుకుని ఓపిగ్గా లెక్కపెడితే అందులో నూట యాభైకి పైగా అంకెలు తేలతాయి. ఒక్కో బ్యాటర్‌కు పరుగులు, బంతులు, ఫోర్లు, సిక్సర్లు ఉంటాయి. ఒక్కో బౌలర్‌కు ఓవర్లు, మెయిడెన్లు, ఇచ్చిన పరుగులు, తీసిన వికెట్లు ఉంటాయి. వీటికి ఎక్స్‌ట్రాలు, వికెట్ల పతనం తోడవుతాయి. నాలుగైదు పేరాల కథనం వీటిలో ఇబ్బంది లేకుండా మోయగలిగేది పదిహేను, మహా అయితే ఇరవై. కాబట్టి మ్యాచ్ కథనం రాయడంలో సగం పని రాయడం మొదలుపెట్టకముందే, ఏరుకోవడంలోనే జరిగిపోవాలి. ఏరుకోవడానికి ఒక పద్ధతి లేకపోతే ఏ అంకెను వదిలినా తప్పు చేస్తున్నామనే భయం పట్టుకుంటుంది, ఆ భయంతో అన్నీ కథనంలోకి వచ్చేస్తాయి.

క్రీడల డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో నేను రాసిన ఒక కాపీలోని ప్రతి అంకె చుట్టూ మా సీనియర్ ఒకరు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి కాగితం వెనక్కి ఇచ్చారు. "ఇందులో అంకెలన్నీ కరెక్టేనయ్యా, ఆట ఎక్కడుంది?" అని మాత్రం అడిగారు. ఆ కాగితంలో సున్నాల మధ్య మిగిలిన మాటలను వరుసగా చదివితే "చేసి, ఔటవగా, తీసి, కోల్పోయి" తప్ప మరేమీ లేవు. ఆ తర్వాత నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ ఒక మ్యాచ్ మీద మెట్టు మెట్టుగా చూపిస్తాను.

ఎంచుకున్న మ్యాచ్ 1983 జూన్ 25న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్. అప్పట్లో ఇన్నింగ్స్‌కు 60 ఓవర్లు. భారత్ 54.4 ఓవర్లలో 183 పరుగులకు, వెస్టిండీస్ 52 ఓవర్లలో 140 పరుగులకు ఆలౌటయ్యాయి. ఫలితం అందరికీ తెలిసిందే కాబట్టి మన దృష్టి పద్ధతి మీదే నిలుస్తుంది. దీన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ కార్డులో పెద్ద అంకె అంటూ ఒక్కటీ లేదు. ఎవరూ అర్ధశతకం చేయలేదు, ఏ బౌలరూ నాలుగు వికెట్లు తీయలేదు. సెంచరీ ఉన్న కార్డుకు ఇంట్రో దానంతటదే దొరుకుతుంది. ఇలాంటి కార్డులో కథను వెతికి పట్టుకోవాలి.

మొదటి మెట్టు: కార్డును కూడి చూడటం

రాయడానికి కూర్చునే ముందు కార్డు సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. దీనికి రెండు నిమిషాలు చాలు. భారత బ్యాటర్ల పరుగులన్నీ కూడితే 163 వస్తుంది, ఎక్స్‌ట్రాలు 20, మొత్తం 183. విండీస్ బౌలర్లు ఇచ్చిన పరుగులను విడిగా కూడినా మళ్లీ 163 వస్తుంది. అంటే కార్డు రెండు వైపుల నుంచీ సరిపోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ రోజుల్లో వైడ్లు, నోబాల్స్ బౌలర్ ఖాతాలో పడేవి కావు కాబట్టి రెండు మొత్తాలూ సమానంగా వచ్చాయి. ఇప్పటి కార్డుల్లో వాటిని బౌలర్ ఖాతాలోనే వేస్తారు. బైలు, లెగ్‌బైలు, అరుదుగా వచ్చే పెనాల్టీ పరుగులు మాత్రమే బయట ఉంటాయి. కాబట్టి ఇప్పటి మ్యాచ్‌కు బౌలర్ల పరుగులకు వీటిని కలిపితే జట్టు స్కోరు రావాలి. రాలేదంటే ఎక్కడో ఒక అంకె తప్పు పడిందన్నమాట. అది దొరికేదాకా రాయడం మొదలుపెట్టకూడదు.

ఓవర్ల లెక్కలో చుక్కను దశాంశ బిందువుగా చదవడం తరచుగా జరిగే పొరపాటు. 54.4 అంటే యాభై నాలుగు ఓవర్ల నాలుగు బంతులు. రన్‌రేట్ కోసం దాన్ని అలాగే కాలిక్యులేటర్‌లో కొట్టి భాగిస్తే తప్పు వస్తుంది. పెద్ద ఇన్నింగ్స్‌లో ఆ తేడా బయటపడదు గానీ, 9.5 ఓవర్లు వేసిన బౌలర్ విషయంలో అది 59 బంతులని గుర్తుంచుకోకపోతే లెక్క బాగానే పక్కకు పోతుంది.

రెండో మెట్టు: వికెట్ల పతనం వరుసను చదవడం

చాలామంది కార్డును పైనుంచి కిందికి, ఓపెనర్ నుంచి పదకొండో ఆటగాడి దాకా చదివి, అదే వరుసలో రాసుకుంటూ పోతారు. కథనం జాబితాలా తయారవడానికి మూలం అదే. బ్యాటింగ్ వరుస ఆట జరిగిన తీరును చెప్పదు, ఎవరు ఎప్పుడు దిగారో మాత్రమే చెబుతుంది. ఆట కాలక్రమంలో ఎలా సాగిందో చెప్పేది కార్డు అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఒక్క వరుస. వెస్టిండీస్ ఇన్నింగ్స్‌లో అది ఇలా ఉంది.

వికెట్ల పతనం: 1-5, 2-50, 3-57, 4-66, 5-66, 6-76, 7-119, 8-124, 9-126, 10-140.

ఈ వరుస కింద పెన్సిల్‌తో ఒక వికెట్‌కూ తర్వాతి వికెట్‌కూ మధ్య ఎన్ని పరుగులు వచ్చాయో రాసుకోండి. 5, 45, 7, 9, 0, 10, 43, 5, 2, 14 అని వస్తాయి. ఇప్పుడు అంకెలు చదవకుండా వాటి ఎత్తుపల్లాలను మాత్రమే చూడండి. రెండు చోట్ల ఎత్తు ఉంది, 45, 43. రెండు ఎత్తుల తర్వాతా లోయ ఉంది. మొదటి లోయలో ఒక వికెట్‌కు 50గా ఉన్న జట్టు ఆరు వికెట్లకు 76కు చేరింది. అంటే 26 పరుగుల వ్యవధిలో ఐదు వికెట్లు పోయాయి. రెండో లోయలో 119 నుంచి 140కి వెళ్లేలోగా చివరి నాలుగు వికెట్లు పోయాయి. ఇన్నింగ్స్ మొత్తం ఇదే: లేవడం, కూలడం, మళ్లీ లేవడం, మళ్లీ కూలడం.

తర్వాత ఆ రెండు లోయల్లో వికెట్లు తీసినవారి పేర్లు గుర్తు పెట్టుకోవాలి. మొదటి లోయలోని ఐదింటిలో మూడు మదన్‌లాల్‌వి, అవి కూడా వెంటవెంటనే పడిన మూడు: హేన్స్, రిచర్డ్స్, గోమ్స్. మిగిలిన రెండింటిలో లాయిడ్ బిన్నీకి, బాకస్ సంధూకు దొరికారు. రెండో లోయలోని నాలుగింటిలో మూడు మొహిందర్ అమర్‌నాథ్‌వి, ఒకటి కపిల్ దేవ్‌ది. బౌలింగ్ పట్టికను మాత్రమే చూస్తే మదన్‌లాల్ 31 పరుగులకు మూడు, అమర్‌నాథ్ 12 పరుగులకు మూడు అని పక్కపక్కన కనిపిస్తారు, ఇద్దరూ ఒకే పని చేశారనిపిస్తుంది. పతనం వరుసతో కలిపి చదివినప్పుడే ఒకరు మొదటి లేవడాన్ని, మరొకరు రెండో లేవడాన్ని ఆపారని అర్థమవుతుంది. కథనానికి వెన్నెముక అక్కడే దొరికింది.

భారత ఇన్నింగ్స్‌కు కూడా ఇదే చేస్తే 2, 57, 31, 2, 18, 1, 19, 23, 8, 22 అని వస్తాయి. ఇక్కడ ఎత్తు ఒక్కటే ఉంది, శ్రీకాంత్, అమర్‌నాథ్ రెండో వికెట్‌కు జోడించిన 57. తర్వాత మెల్లగా కరిగిపోవడం తప్ప నాటకీయంగా కూలడం లేదు. చివర్లో కిర్మాణీ, సంధూ జోడించిన 22 మాత్రం చిన్నదైనా కంటికి ఆనుతుంది. ఈ ఇన్నింగ్స్‌కు కథనంలో ఒక చిన్న పేరా చాలని ఈ పోలికే చెబుతోంది. రెండు ఇన్నింగ్స్‌లకూ సమానంగా చోటివ్వాలనే నియమం ఎక్కడా లేదు.

మూడో మెట్టు: అంకె లేకుండా ఒక్క వాక్యం

ఇప్పుడు కార్డును మూసేసి, మ్యాచ్‌లో ఏం జరిగిందో ఒక్క అంకె కూడా వాడకుండా ఒక వాక్యంలో రాయాలి. నా వాక్యం ఇది: "తక్కువ స్కోరును కాపాడుకోవాల్సిన భారత్, విండీస్ కోలుకున్న ప్రతిసారీ ఒక మీడియం పేసర్ చేతుల మీదుగా దాన్ని మళ్లీ పడగొట్టింది." ఇది పాఠకుడు చదివే వాక్యం కాదు, నేను పక్కన పెట్టుకునే కొలబద్ద. ఇక ముందు ఏ అంకె కథనంలోకి రావాలన్నా ఈ వాక్యానికి సాక్ష్యంగానే రావాలి.

వాక్యం రాయడం కుదరకపోతే రెండో మెట్టు పూర్తి కాలేదని అర్థం. "భారత్ బాగా ఆడి గెలిచింది" వంటిది వస్తే కూడా అంతే, అది ఏ మ్యాచ్‌కైనా సరిపోతుంది.

నాలుగో మెట్టు: ఏరుకోవడం

కొలబద్ద చేతికొచ్చాక అంకెలను మూడు కుప్పలుగా విడదీయవచ్చు. మొదటి కుప్పలో పాఠకుడికి తెలియకపోతే ఆట అర్థం కానివి ఉంటాయి: రెండు జట్ల స్కోర్లు, గెలుపు తేడా, మలుపుల దగ్గరి స్కోర్లు అంటే 50, 76, 119. రెండో కుప్పలో అంకెగా కాకుండా మాటగా మార్చుకోదగినవి ఉంటాయి. డుజాన్ 73 బంతులు ఆడి 25 పరుగులు చేశాడు. ఈ రెండు అంకెలనూ వేయడం కన్నా "తొందరపడకుండా ఆడాడు" అంటే సరిపోతుంది, ఆ మాటకు వెనక 73 బంతుల ఆధారం ఉంది. గ్రీనిడ్జ్ 12 బంతుల్లో ఒక పరుగు చేశాడన్నదాన్ని "త్వరగానే వెనుదిరిగాడు" అని చెప్పవచ్చు. మూడో కుప్ప కార్డులోనే ఉండిపోతుంది: మెయిడెన్లు, ఫోర్లు, హోల్డింగ్ ఎన్ని ఓవర్లు వేశాడన్న సంగతి. కథనం పక్కన స్కోరుబోర్డు ఎలాగూ ఉంటుంది, కావాల్సినవాళ్లు అక్కడ చూసుకుంటారు.

కొన్నిసార్లు కార్డులో లేని అంకెను మనమే తయారుచేసుకోవడం మేలు. రిచర్డ్స్ జట్టు స్కోరు 5 వద్ద దిగి 57 వద్ద ఔటయ్యాడు. అంటే అతను క్రీజులో ఉండగా 52 పరుగులు వచ్చాయి, అందులో అతనివి 33. "28 బంతుల్లో 7 ఫోర్లతో 33" అనే మూడు అంకెల కన్నా "52లో 33" అనే రెండు అంకెలు అతని పెత్తనాన్ని బాగా చూపిస్తాయి. ఎందుకంటే మొదటిది అతని గురించి మాత్రమే చెబుతుంది, రెండోది అతను పోతే జట్టుకు ఏమవుతుందో కూడా సూచిస్తుంది. అయితే ఇలా తయారుచేసిన అంకె పాత అంకెల స్థానంలో రావాలి. వాటి పక్కన చేరితే బరువు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఐదో మెట్టు: తెలుగు వాక్యంలో అంకెకు చోటు

ఇప్పటిదాకా చెప్పింది ఏ భాషలో రాసేవారికైనా పనికొస్తుంది. తెలుగులో రాసేవారికి దీని పైన ఇంకో చిక్కు ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. కర్తకూ క్రియకూ మధ్య ఎన్ని అంకెలు పేరిస్తే అన్నింటినీ పాఠకుడు క్రియ వచ్చేదాకా తలలో పట్టుకుని ఉండాలి. కింది వాక్యం చూడండి. ఇందులో తప్పు అంకె ఒక్కటీ లేదు.

"184 పరుగుల లక్ష్యంతో బరిలోకి దిగిన వెస్టిండీస్ 12 బంతుల్లో 1 పరుగు చేసిన గ్రీనిడ్జ్ వికెట్‌ను 5 పరుగుల వద్ద కోల్పోగా, 33 బంతుల్లో 13 పరుగులు చేసిన హేన్స్ 50 పరుగుల వద్ద, 28 బంతుల్లో 7 ఫోర్లతో 33 పరుగులు చేసిన రిచర్డ్స్ 57 పరుగుల వద్ద ఔటయ్యారు."

పదకొండు అంకెలు, ఒక్క ముగింపు క్రియ. అందులోనూ 33 రెండుసార్లు వచ్చింది, ఒకసారి హేన్స్ ఆడిన బంతులుగా, ఇంకోసారి రిచర్డ్స్ చేసిన పరుగులుగా. "వద్ద" అన్నది ఇంకో ఇబ్బంది. "50 పరుగుల వద్ద హేన్స్ ఔటయ్యాడు" అంటే జట్టు స్కోరు యాభయ్యా, హేన్స్ అర్ధశతకం చేశాడా? పదమూడని ముందే చెప్పాం కాబట్టి పాఠకుడు ఆగి, వెనక్కి వెళ్లి, సరిచూసుకుంటాడు. ఆగడం, వెనక్కి వెళ్లడం అనే ఆ రెండు పనులే అంకెల్లో మునిగిపోవడమంటే.

ఈ వాక్యాన్ని బాగుచేయడానికి నేను మూడు పనులు చేస్తాను. మొదట, ఒక పూర్తి క్రియకు రెండు అంకెల కన్నా ఎక్కువ లేకుండా వాక్యాన్ని విరగ్గొడతాను. తర్వాత, "చేసిన", "తీసిన" అనే విశేషణాలతో పేరు ముందు అంకెలు తగిలించడం మానేస్తాను. "33 బంతుల్లో 13 పరుగులు చేసిన హేన్స్" అన్నప్పుడు పాఠకుడికి మనిషి కన్నా ముందు అంకెలే ఎదురవుతాయి, అవి ఎవరివో తెలియకుండానే చదవాల్సి వస్తుంది. అలాంటి విశేషణం ఒక కథనంలో ఒకటి రెండు చోట్ల, అంకె నిజంగా ముందు వినపడాల్సిన చోట మాత్రమే పనికొస్తుంది. మూడోది, ఔటైన విధానాన్ని క్రియలోకి తెస్తాను. కార్డులో (బి) ఒక్కటే ఉంటే క్లీన్‌బౌల్డ్ అయ్యాడు, ఎల్బీ అని ఉంటే వికెట్ల ముందు దొరికిపోయాడు, (సి) పక్కన కీపర్ పేరు ఉంటే కీపర్ చేతికి చిక్కాడు. ఇది అంకెల ఊసు లేకుండానే కార్డులోని సమాచారాన్ని కథనంలోకి తెస్తుంది, "ఔటయ్యాడు" అన్న మాట పదిసార్లు రాకుండా కూడా చూస్తుంది. అలా మార్చాక వాక్యం ఇలా తయారవుతుంది.

"ఓవర్‌కు మూడు పరుగులకు కాస్త పైన చేస్తే చాలు. సంధూ బౌలింగ్‌లో గ్రీనిడ్జ్ త్వరగానే క్లీన్‌బౌల్డ్ అయినా, రిచర్డ్స్ రాకతో ఛేదన ఊపందుకుంది. అతను క్రీజులో ఉండగా జట్టుకు వచ్చిన 52 పరుగుల్లో 33 అతనివే."

అంకెలను ఎక్కడ అంకెల్లో వేయాలి, ఎక్కడ అక్షరాల్లో రాయాలి అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, చదివే కంటికి చాలా తేడా చేస్తుంది. నేను పాటించేది ఇది: పరుగులు, స్కోర్లు అంకెల్లో, మనుషుల లెక్క, వికెట్ల లెక్క, ఓవర్ల లెక్క అక్షరాల్లో. "26 పరుగుల వ్యవధిలో ఐదుగురు వెనుదిరిగారు" అన్నప్పుడు 26 పరుగులని, ఐదుగురు మనుషులని చూడగానే తెలుస్తుంది. "26 పరుగులకు 5 వికెట్లు" అంటే రెండూ ఒకే రంగులో కనిపిస్తాయి. పైగా ఐదుగురు, నలుగురు, ఇద్దరు అనే మాటలు మనుషులకే వాడతాం కాబట్టి, "బ్యాటర్లు" అన్న పదం వేయకపోయినా అర్థం పోదు. పట్టికలకు, బాక్స్ ఐటంలకు ఈ పద్ధతి వర్తించదు, అక్కడ అన్నీ అంకెల్లోనే ఉండాలి.

కే, కేవలం, ఏకంగా

తెలుగులో ఒక్క అక్షరం అంకె మీద తీర్పు చెప్పేస్తుంది. "183 పరుగులకు ఆలౌటైంది" సమాచారం, "183 పరుగులకే ఆలౌటైంది" అభిప్రాయం. ఆ "కే" రాసే ముందు అది ఎందుకు తక్కువో చెప్పగలగాలి. ఇక్కడ చెప్పగలం: 60 ఓవర్ల ఇన్నింగ్స్‌లో ఐదు ఓవర్లకు పైగా మిగిలుండగానే జట్టు మొత్తం ఔటైంది, ప్రత్యర్థికి ఓవర్‌కు మూడు పరుగులకు కాస్త పైన చేస్తే సరిపోయే లక్ష్యం మిగిలింది. ఆధారం ఉంటే "కే" ఒక్కటే చాలు. "కేవలం 183 పరుగులకే" అంటే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు. "ఏకంగా", "అక్షరాలా" వంటివి నేను మ్యాచ్ కథనాల్లో దాదాపుగా వాడను.

ఆరో మెట్టు: కార్డుకు తెలియని సంగతులు

కార్డులో రిచర్డ్స్ పేరు పక్కన (సి) కపిల్ దేవ్ (బి) మదన్‌లాల్ అని మాత్రమే ఉంటుంది. గాల్లోకి లేచిన ఆ బంతి కోసం కపిల్ వెనక్కి చాలా దూరం పరుగెత్తి పట్టుకున్నాడని ఆట చూసినవారికి తెలుసు. నిలబడ్డ చోటే అందుకున్న క్యాచ్‌కూ దానికీ కార్డులో తేడా ఉండదు. అలాగే గ్రీనిడ్జ్ పేరు పక్కన (బి) సంధూ అని ఉంటుంది, బంతి లోపలికి రాదనుకుని బ్యాట్ పైకెత్తి వదిలేశాడన్న సంగతి ఉండదు. ఆట చూసి రాస్తుంటే ఇలాంటివి రెండు మూడు ఏరుకుని మలుపుల దగ్గర పెట్టాలి, ఒక్కో దృశ్యం నాలుగైదు అంకెలను బయటికి పంపేస్తుంది.

చూడకుండా కార్డు నుంచి మాత్రమే రాస్తుంటే వాటిని ఊహించకూడదు. "ఒత్తిడికి చిత్తయి", "నిర్లక్ష్యపు షాట్‌కు ప్రయత్నించి" అనే మాటలు కార్డులో ఎక్కడా లేవు. వికెట్లు వెంటవెంటనే పడ్డాయని కార్డు చెబుతుంది, ఎందుకు పడ్డాయో చెప్పదు. ఈ కార్డులో ఇంకో ఎర కూడా ఉంది. డుజాన్, మార్షల్ ఏడో వికెట్‌కు జోడించింది 43, భారత్ గెలిచిన తేడా కూడా 43. రెండింటినీ కలిపి ఏదో చెప్పాలని చెయ్యి లాగుతుంది. అది యాదృచ్ఛికం మాత్రమే, ఒకదాని వల్ల ఇంకొకటి రాలేదు. పైగా ఒకే అంకె రెండు అర్థాల్లో వస్తే పాఠకుడు తడబడతాడు. అందుకే నేను భాగస్వామ్యాన్ని 43గా చెప్పకుండా, స్కోరు 119కి చేరిందని చెబుతాను.

చివరి వికెట్‌కు వచ్చిన 22 పరుగుల మీద కూడా ఎక్కువ బరువు మోపకూడదు. ఆ పరుగులు లేకపోయినా లెక్క ప్రకారం 140 కన్నా భారత్ స్కోరు ఎక్కువే. "మ్యాచ్‌ను గెలిపించిన భాగస్వామ్యం" అని రాస్తే కార్డే కాదంటుంది.

ఏడో మెట్టు: కథనం

ఇప్పుడు ఏరుకున్నవాటిని పేర్చాలి. ఆరంభం నుంచి కాకుండా ఫలితంతో మొదలుపెట్టి, మలుపులున్న ఇన్నింగ్స్‌కు పెద్ద చోటిచ్చి, ముందు జరిగిన భారత ఇన్నింగ్స్‌ను చివరికి నెట్టాను. ఇది కార్డును మాత్రమే ఆధారం చేసుకుని రాసిన కథనం, అందుకే దృశ్యాలు లేవు. కార్డు అవతలివి రెండు మాత్రమే: విండీస్ పాత విజయాలు, మ్యాచ్ అవార్డు.

"బ్యాటర్లు కూడబెట్టింది తక్కువే అయినా బౌలర్లు దాన్ని దాటనివ్వలేదు. 183 పరుగులకే ఆలౌటైన భారత్, అంతకుముందు జరిగిన రెండు ప్రపంచకప్‌లనూ గెలిచిన వెస్టిండీస్‌ను 140కి కట్టడి చేసి, 43 పరుగుల తేడాతో తొలిసారి విశ్వవిజేతగా నిలిచింది.

"ఓవర్‌కు మూడు పరుగులకు కాస్త పైన చేస్తే సరిపోయే ఛేదనలో గ్రీనిడ్జ్ త్వరగానే సంధూ బౌలింగ్‌లో క్లీన్‌బౌల్డ్ అయినా, రిచర్డ్స్ దూకుడుతో విండీస్ మరో వికెట్ పడకుండా 50కి చేరింది. రిచర్డ్స్ క్రీజులో ఉండగా జట్టుకు వచ్చిన 52 పరుగుల్లో 33 అతనివే. అక్కడ మదన్‌లాల్ మ్యాచ్‌ను మలుపు తిప్పాడు. హేన్స్‌ను, రిచర్డ్స్‌ను, గోమ్స్‌ను వరుసగా వెనక్కి పంపాడు. గోమ్స్ వెళ్లాక ఒక్క పరుగైనా రాకముందే కెప్టెన్ లాయిడ్, బిన్నీ బౌలింగ్‌లో కపిల్ చేతికి చిక్కాడు. బాకస్ కూడా కీపర్ కిర్మాణీకి దొరికేసరికి స్కోరు 76, పడిన వికెట్లు ఆరు.

"డుజాన్, మార్షల్ తొందరపడకుండా ఆడి స్కోరును 119కి చేర్చారు. విజయానికి మరో 65 పరుగులు కావాల్సిన ఆ దశలో అమర్‌నాథ్ ఈ జోడీని విడదీశాడు. ముందు డుజాన్‌ను క్లీన్‌బౌల్డ్ చేసి, ఆ వెంటనే మార్షల్‌ను గవాస్కర్ క్యాచ్‌తో పంపాడు. రాబర్ట్స్ కపిల్ బౌలింగ్‌లో వికెట్ల ముందు దొరికిపోగా, చివరి వికెట్ హోల్డింగ్‌ను ఎల్బీ చేసింది కూడా అమర్‌నాథే. ఏడు ఓవర్లలో 12 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసిన అతనికే మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ దక్కింది.

"అంతకుముందు భారత ఇన్నింగ్స్‌లో శ్రీకాంత్, అమర్‌నాథ్ రెండో వికెట్‌కు జోడించిన 57 పరుగులే పెద్ద భాగస్వామ్యం. శ్రీకాంత్ చేసిన 38 పరుగులను దాటి ఈ మ్యాచ్‌లో మరెవరూ వెళ్లలేకపోయారు. చివర్లో కిర్మాణీ, సంధూ జోడించిన 22 పరుగులతో జట్టు ఆ మాత్రం స్కోరైనా చేయగలిగింది."

అంకెల్లో వేసినవి పదమూడు. ఏ వాక్యంలోనైనా మూడుకు మించి లేవు, మూడు ఉన్నది ఇంట్రోలోని ఒక్క వాక్యంలోనే. అక్కడ రెండు స్కోర్లూ తేడా కలిసి ఒకే విషయం చెబుతాయి కాబట్టి వాటిని విడదీయలేదు. 50, 76, 119 అనేవి ఒకే మెట్ల వరుసలా పైకి వెళ్తాయి, పాఠకుడు వెనక్కి చూసుకోనవసరం లేదు.

అచ్చుకు పంపే ముందు

పూర్తయిన కాపీని ఒకసారి గొంతెత్తి చదవండి. ఏ అంకె దగ్గరైనా ఊపిరి ఆగి "ఇది ఎవరి స్కోరు?" అనిపిస్తే, అంకెను తీసేయడం కన్నా ముందు దాని పక్కన "జట్టు" అనో, ఆటగాడి పేరో వేసి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. రెండోసారి అంకెలన్నీ తీసేసినట్టు ఊహించుకుంటూ చదవండి. అప్పుడూ మ్యాచ్ ఎటు మొగ్గిందో, ఎవరి వల్ల మొగ్గిందో అర్థమవుతుంటే కథనం నిలబడినట్టే. అర్థం కాకపోతే పేరాల వరుస తప్పిందన్నమాట, వాక్యాలను సరిదిద్దినంత మాత్రాన అది బాగుపడదు. మూడోసారి మాత్రం వేలు కార్డు మీద పెట్టి, కథనంలోని ఒక్కో అంకెను దానితో సరిచూడాలి. మనం తయారుచేసుకున్న 52, 65 వంటివి కార్డులో కనిపించవు కాబట్టి వాటిని మళ్లీ తీసివేత చేసి చూడాలి. 57లోంచి 5 తీస్తే 52, 184లోంచి 119 తీస్తే 65. రెండోదాన్ని లెక్కించేటప్పుడు 183లోంచి తీసేయడం అందరూ చేసే పొరపాటు, గెలవాలంటే ఒక పరుగు ఎక్కువ కావాలి.